ఉద్దానం పత్రానికి సమీక్ష రాసేటప్పుడు పదును ఎక్కడ ఉండాలి?

ఇచ్ఛాపురం మండలంలోని డొంకూరు తీరం మొదలుకొని కవిటి, సోంపేట, మందస మీదుగా వజ్రపుకొత్తూరు దాకా కొబ్బరి, జీడి తోటల నడుమ ఉన్న ఊళ్లన్నిటినీ కలిపి ఉద్దానం అంటాం. అక్కడి కిడ్నీ జబ్బు గురించి తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పాల్సింది తక్కువే. 2019లోను, 2020లోను ‘కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్’ పత్రికలో వచ్చిన రెండు సర్వేలు ఒక్కొక్కటి రెండు వేల మందికి పైగా పరీక్షించాయి. పెద్దవాళ్లలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి కిడ్నీ దెబ్బతిన్న గుర్తులున్నాయని తేల్చాయి. వాళ్లలో చాలామందికి మధుమేహం, రక్తపోటు లాంటి మామూలు కారణాలు కనబడలేదు. నీటిలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో పని, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అంటూ అనుమానితుల పట్టిక పెరిగిందేగాని దోషి ఎవరో తేలలేదు. తేలలేదు కాబట్టే పరిశోధనా పత్రాలు వస్తూనే ఉన్నాయి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం మొదలయ్యాక స్థానిక వైద్యులు రాసేవి ఇంకా పెరగవచ్చు. ప్రతి పత్రమూ అచ్చుకు ముందు ఇద్దరు ముగ్గురు తోటి పరిశోధకుల దగ్గరికి వెళ్తుంది. వాళ్లు రాసి పంపే రెండు మూడు పేజీల అభిప్రాయాన్ని ఎలా తిరగరాస్తే విమర్శ బలం తగ్గకుండానే తోటి మనిషి మాటలా వినిపిస్తుందన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్నను చాలామంది మర్యాదకు సంబంధించిందిగానే చూస్తారు. సమీక్షకులు కటువుగా రాస్తారు, కాస్త మెత్తగా రాయమని చెబితే సరిపోతుంది అనుకుంటారు. కటువుతనం ఉన్నమాట నిజమే. 2019లో ‘పీర్‌జే’ పత్రికలో సిల్బిగర్, స్టబ్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 46 దేశాల్లోని 1,106 మంది పరిశోధకులను అడిగి ఒక అధ్యయనం ప్రచురించారు. ఎప్పుడో ఒకప్పుడు వృత్తిమర్యాదకు తగని సమీక్ష తమకు వచ్చిందని వారిలో 58 శాతం మంది చెప్పారు. ఆ దెబ్బ తగిలాక తమ సామర్థ్యం మీదే నమ్మకం సడలడం మహిళల్లోను, శ్వేతజాతీయులు కానివారిలోను ఎక్కువగా కనిపించింది. అయితే ఆ మరుసటి ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనం నాకు ఇంతకంటే ముఖ్యంగా తోస్తుంది. జెర్వింగ్, ఆయన సహచరులు జీవావరణ శాస్త్రం, ప్రవర్తనా వైద్యం లాంటి రంగాల నుంచి 1,491 సమీక్షలను సేకరించి ఒక్కొక్కటీ చదివారు. మర్యాద తప్పిన మాట ఒక్కటైనా ఉన్నవి 12 శాతం. అసంపూర్ణమైన, తప్పయిన, ఆధారం చూపని విమర్శ ఉన్నవి 41 శాతం. తిట్టు తిన్నవాళ్ల కంటే ఏం చెయ్యాలో తెలియక తల పట్టుకున్నవాళ్లు మూడింతలకు పైగా ఉన్నారన్నమాట.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే రెండు జబ్బులకూ మూలం ఒకటేనని నాకు అనిపిస్తుంది. ‘ఈ ముగింపులకు ఆధారం లేదు’ అన్న వాక్యం, ‘రచయితలకు గణాంకాల ఓనమాలు కూడా రావు’ అన్న వాక్యం పైకి వేరువేరుగా కనిపిస్తాయి. మొదటిది మర్యాదస్తుడి అచ్చు వాక్యం, రెండోది కోపిష్టి వాక్యం. రెంటిలోనూ ఎదుట ఉన్న పత్రం మాత్రం లేదు. ఏ ముగింపు, ఏ పట్టిక, ఏ లెక్క, ఎందుకు నిలవదు అన్నది రెండూ చెప్పవు. పత్రాన్ని వేలుపెట్టి చూపనివాడికి తన మాటకు బరువు తెచ్చుకునే దారులు రెండే మిగులుతాయి. ఒకటి అధికారిక భాష వెనక దాక్కోవడం, రెండోది గొంతు పెంచడం. కాబట్టి తిరగరాయడమంటే విశేషణాలకు ఉప్పుకారాలు తగ్గించడం కాదు. ప్రతి విమర్శను పత్రంలోని ఒక నిర్దిష్టమైన చోటుకు కట్టాలి. ఆ చోట జరిగిన తప్పు వల్ల ఏ మాట చెప్పడానికి వీల్లేకుండా పోయిందో చెప్పాలి. ఏం చూపితే తన అభ్యంతరం తీరుతుందో కూడా చెప్పాలి. ఈ మూడూ ఉంటే గొంతు దానంతటదే సహోద్యోగి గొంతు అవుతుంది, గట్టితనమూ నిలుస్తుంది.

ఊరికే చెబితే ఇది కూడా ఇంకో అచ్చు సలహా అవుతుంది కాబట్టి ఒక పత్రాన్ని ఊహించుకుందాం. ఇది నిజంగా అచ్చయినది కాదు, కల్పించినదే. కానీ ఇలాంటి పొరపాట్లు ఈ రంగంలో ఎవరికైనా జరగగలవు. ఒక వైద్య కళాశాల బృందం ఉద్దానంలోని నాలుగు ఊళ్లలో, ఊరికి ఎనభై మంది చొప్పున 320 మందిని మే నెలలో శిబిరాలు పెట్టి పరీక్షించింది. ఊరికొక బోరు నీటిని ల్యాబుకు పంపింది. రెండు ఊళ్ల నీటిలో సిలికా ఎక్కువ, రెండింటిలో తక్కువ. సిలికా ఎక్కువున్న ఊళ్లలో 160 మందికి 35 మందిలో, తక్కువున్న ఊళ్లలో 160 మందికి 18 మందిలో క్రియాటినిన్ హెచ్చుగా ఉంది. ఈ తేడా కాకతాళీయం కాదని లెక్క చూపించి, సారాంశంలో ‘తాగునీటిలోని సిలికా వల్లనే కిడ్నీ జబ్బు’ అని రాశారు. సమీక్షలు ఇంగ్లీషులోనే రాస్తారు గాని ఇక్కడ తెలుగులోనే చూద్దాం. మొదటి సమీక్షకుడు ఇలా రాశాడనుకోండి: ‘నమూనా చాలా చిన్నది. గణాంక విశ్లేషణ బలహీనం. ముగింపులు డేటాను మించిపోయాయి.’

ఆ మూడు వాక్యాల్లో చివరి రెండూ నిజమే. మొదటిది తప్పు, అది రచయితను తప్పుదారి పట్టిస్తుంది కూడా. నమూనా చిన్నదన్న మాట చదివిన రచయిత అదే నాలుగు ఊళ్లలో ఇంకో మూడొందల మందిని పరీక్షించి తీసుకొస్తాడు. దానివల్ల ఒరిగేదేమీ ఉండదు. ఎందుకంటే ఇక్కడ మనుషుల సంఖ్యతో చిక్కు లేదు. నీటిని మనిషికి కాక ఊరికి కొలిచారు. కాబట్టి సిలికా విషయంలో వాళ్ల దగ్గర ఉన్నవి 320 కొలతలు కావు, నాలుగే. నాలుగు ఊళ్లలో ఏ రెండింటిలో జబ్బు ఎక్కువ ఉంటుందన్నదానికి ఆరు అవకాశాలున్నాయి. సిలికాకూ జబ్బుకూ ఏ సంబంధమూ లేకపోయినా, సిలికా ఎక్కువున్న రెండు ఊళ్లే జబ్బులోనూ పైకి రావడం ఆరింట ఒకసారి దానంతటదే జరుగుతుంది. ఆరింట ఒకసారి జరిగేదాన్ని పట్టుకుని కారణం దొరికిందనడానికి వీల్లేదు. పత్రంలోని లెక్క మాత్రం ఒక్కో మనిషినీ విడి సాక్షిగా ఎంచింది. ఒక ఊరివాళ్లు చాలావరకు ఒకే రకం నీళ్లు తాగుతారు, ఒకే రకం తోట పని చేస్తారు, చాలాసార్లు ఒకరికొకరు చుట్టాలు కూడా. ఎనభై మంది ఒకే ఊరి నుంచి వస్తే వాళ్లు ఎనభై విడి సాక్ష్యాలు కారు.

ఇంత తెలిసిన సమీక్షకుడు తన వ్యాఖ్యను ఇలా తిరగరాయవచ్చు: ‘నీటిని ఊరికి ఒక చోట కొలిచారు. అందుచేత సిలికా విషయంలో ఈ అధ్యయనంలో ఉన్నవి నాలుగు కొలతలే. రెండో పట్టికలోని లెక్క 320 మందినీ ఒకరితో ఒకరికి సంబంధం లేనివారిగా ఎంచింది, అది నిలవదు. ఊరిని ప్రమాణంగా తీసుకుని మళ్లీ విశ్లేషించాలి. అప్పుడు ఈ తేడా గణాంకపరంగా నిలబడదని నా అంచనా. సారాంశంలోనూ చివరి పేరాలోనూ ఉన్న “సిలికా వల్లనే” అన్న మాటను ఈ డేటాతో సమర్థించలేరు, తీసివేయాలి. ఇంటింటి బోరు నీటి నమూనాలు సేకరించి ఉంటే అవి చేర్చండి, అప్పుడు ప్రశ్నను మనిషి స్థాయిలో అడగవచ్చు. లేకపోతే దీన్ని కారణం చెప్పే పత్రంగా కాక, నాలుగు ఊళ్ల జబ్బు తీవ్రతను నమోదు చేసిన పత్రంగా మార్చి రాయండి.’

దీన్ని మొదటి రూపంతో పోల్చి చూడండి. పొగడ్త లేదు, క్షమాపణ లేదు, ‘బహుశా రచయితలు పరిశీలించవచ్చునేమో’ అన్న నసుగుడు లేదు. నిజానికి తీర్పు మొదటిదాని కంటే కఠినంగా ఉంది. ‘నిలవదు’, ‘సమర్థించలేరు’, ‘తీసివేయాలి’ అని మూడుసార్లు తెగేసి చెప్పింది. అయినా చదివినవాడికి తనను కించపరిచారని అనిపించదు. ఎందుకంటే ఆ క్రియలన్నీ పట్టిక మీద, లెక్క మీద, ఒక మాట మీద పడ్డాయిగాని మనిషి మీద పడలేదు. అంతకంటే ముఖ్యంగా, చివరలో రెండు దారులు చూపింది. డేటా ఉంటే ఒకటి, లేకపోతే రెండోది. అచ్చు వ్యాఖ్యలో లేనిదీ, తోటివాడి వ్యాఖ్యలో ఉండేదీ ఇదే: ఎదుటివాడి చేతిలో ఏముందో, ఏం ఉండకపోవచ్చో ఊహించి మాట్లాడటం.

ఇదే పత్రానికి వచ్చిన రెండో వ్యాఖ్యలో వేరే రకం చిక్కు ఉంది. ‘రోగనిర్ధారణకు అంతర్జాతీయ ప్రమాణాలు పాటించలేదు’ అని సమీక్షకుడు రాశాడు. మాట నిజమే. కేడిగో అనే అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం కిడ్నీ వడపోత శక్తి తగ్గడమో, మూత్రంలో అల్బుమిన్ పోవడమో కనీసం మూడు నెలలు కొనసాగితేనే దాన్ని దీర్ఘకాలిక జబ్బు అంటారు. ఒక్కసారి చేసిన పరీక్షతో ఆ మాట అనకూడదు. మార్గదర్శకం పేరు చెప్పి వదిలేస్తే అది ఇన్‌స్పెక్టరు షరాలా ఉంటుంది. ఎందుకు ముఖ్యమో ఈ పత్రానికే వర్తించేలా చెబితే మాట మారిపోతుంది: ‘శిబిరాలు మే నెలలో జరిగాయి. తోట పని చేసి, సరిగా నీళ్లు తాగకుండా వచ్చినవారికి ఆ పూట క్రియాటినిన్ తాత్కాలికంగా పెరగవచ్చు. ఈ ప్రాంతంలో ఎండలో పని కూడా ఒక అనుమానిత కారణం కాబట్టి, తాత్కాలిక పెరుగుదలనూ స్థిరమైన జబ్బునూ విడదీయకపోతే ఆ అనుమానాన్ని ఎవరూ పరీక్షించలేరు. హెచ్చుగా వచ్చిన 53 మందికి మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేసి ఉంటే ఆ ఫలితాలు ఇవ్వండి. చేయకపోతే పత్రమంతటా “దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు” బదులు “ఒకసారి పరీక్షలో హెచ్చు క్రియాటినిన్” అని రాయాలి. శీర్షికలో కూడా.’ చివరి రెండు పదాలు అనవసరమనిపించవచ్చు. శీర్షిక ఒక్కటే చదివేవాళ్లు, విలేకరులతో సహా, చాలామంది ఉంటారు కాబట్టి అవి ఉండాలి.

ఇక్కడ ఒక పక్కమాట. సమీక్ష మెత్తబడితే నష్టమేమిటని అడిగేవాళ్లకు శ్రీలంక ఉదాహరణ చాలు. అక్కడి ఉత్తర మధ్య ప్రావిన్సులో ఉద్దానం లాంటి జబ్బే ఉంది. కఠిన జలం, లోహాలు, గ్లైఫొసేట్ అనే కలుపుమందు కలిసి కిడ్నీలను దెబ్బతీస్తున్నాయేమోనని 2014లో ఒక బృందం పరికల్పనగా ఒక పత్రం రాసింది. రచయితలే దాన్ని ప్రశ్న రూపంలో పెట్టారు. 2015లో ఆ దేశం గ్లైఫొసేట్‌ను నిషేధించింది, 2018లో తేయాకు, రబ్బరు తోటలకు సడలించాల్సి వచ్చింది. ఆ మందు మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. కారణం తేలని జబ్బు ఉన్నచోట ‘కావచ్చు’ అన్న మాట ‘అవును’గా మారడానికి ఎక్కువ కాలం పట్టదు. ఉద్దానానికి హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో నీళ్లు తేవడం మంచి పనే. శుభ్రమైన నీళ్లివ్వడానికి పరిశోధనా పత్రం అక్కర్లేదు. కానీ ‘సిలికా వల్లనే’ అని అచ్చయితే నీళ్లు మారాక ఇక భయం లేదనుకుని నొప్పి మాత్రలు, ఎండ పని సంగతి పక్కకు పెట్టేయవచ్చు. అందుకే ఉద్దానం పత్రానికి రాసే సమీక్షలో గట్టితనం ఒక్క అంగుళం కూడా తగ్గకూడదు.

మూడో వ్యాఖ్య మన దేశపు రచయితలకు బాగా పరిచయమైనదే: ‘భాషను ఇంగ్లీషు మాతృభాషగా గలవారిచేత దిద్దించండి.’ ఇంతకంటే అచ్చు వాక్యం ఇంకోటి ఉండదు, ఇంతకంటే పనికిరానిదీ ఉండదు. పేర్లు చూసే ఈ మాట రాశారేమోనన్న అనుమానం రచయితకు రావడం సహజం. నిజంగా భాష అడ్డొచ్చిన చోటు ఉంటే దాన్ని చూపాలి. ఊహా పత్రంలో ‘పదేళ్లుగా బోరు నీరు వాడుతున్నవారు’ అన్న మాట ఉందనుకోండి. వాడటమంటే తాగడమా, వంటా, తోటకు పెట్టడమా? పదేళ్లన్నది ఆ బోరు వయసా, ఆ మనిషి ఆ ఊళ్లో ఉన్న కాలమా? కిడ్నీ జబ్బు నెమ్మదిగా ముదిరేది కాబట్టి ఇవాళ తాగే నీరు కంటే పదేళ్ల కిందట తాగిన నీరే ముఖ్యం కావచ్చు. కాబట్టి ఇది భాషకో వ్యాకరణానికో సంబంధించిన లోపం కాదు, పరిశోధనకు సంబంధించిన లోపం. సమీక్షకుడు ఆ ఒక్క వాక్యాన్ని ఎత్తి చూపి, ఈ రెండు ప్రశ్నలు అడిగితే ఎవరి మాతృభాష జోలికీ పోనక్కర్లేదు. మిగతా చిన్న తప్పులు పత్రిక సిబ్బంది దిద్దుకుంటారు.

పొగడ్త సంగతి కూడా ఇలాంటిదే. విమర్శకు ముందొక ప్రశంస, వెనకొక ప్రశంస పెట్టమని చాలా శిక్షణా తరగతుల్లో చెబుతారు. ‘ఈ పత్రం ప్రజారోగ్యానికి ముఖ్యమైన అంశాన్ని స్పృశించింది’ అని మొదలవుతుంది, ‘సవరణల తర్వాత విలువైన రచన కాగలదు’ అని ముగుస్తుంది. ఆ మాట చక్కెర వ్యాధి పత్రానికీ అతుకుతుంది, జీడి తెగుళ్ల పత్రానికీ అతుకుతుంది. అనుభవమున్న రచయిత దాన్ని దాటేసి చదువుతాడు. కొత్తవాడు మాత్రం దాన్నే తీర్పనుకుని చిన్న సవరణలతో తిరిగి పంపి, తిరస్కారం వచ్చాక నిర్ఘాంతపోతాడు. అలాగని మంచి మాట చెప్పకూడదని కాదు. చెబితే దానికీ పని ఉండాలి. ‘నొప్పి మాత్రల వాడకాన్ని నోటిమాటగా కాక, ఇంట్లో ఉన్న మాత్రల పట్టీలు చూసి రాసుకున్నారు. దీన్ని తగ్గించకండి, నాలుగో పట్టికను అనుబంధంలోకి నెట్టకుండా ముందుకు తీసుకురండి’ అంటే అది ప్రశంసా అవుతుంది, ఆదేశమూ అవుతుంది. పత్రాన్ని కుదించేటప్పుడు దేన్ని కాపాడుకోవాలో రచయితకు తెలుస్తుంది.

గట్టితనం ఎక్కడ ఉండాలన్న దానికి ఇంకో కోణం ఉంది. ఇరవై వ్యాఖ్యలు ఒకే వరసలో, ఒకే గొంతుతో రాస్తే ఏది ప్రాణాంతకమో, ఏది అచ్చుతప్పో తెలియదు. పలాస జీడి పరిశ్రమలో గుండు, బద్ద, నూక వేరువేరుగా పోసినట్టు, ఇది సరిదిద్దకపోతే అచ్చు వేయకూడదన్నవి ఒకవైపు, సరిదిద్దితే బాగుంటుందన్నవి ఇంకోవైపు పెట్టాలి. ఈ ఊహా పత్రంలో ఇప్పటిదాకా చూసినవాటిలో మొదటి రకానివి మూడే: ఊరి స్థాయి లెక్క, మూడు నెలల పరీక్ష, కారణం అన్న మాట. మిగిలినవన్నీ రెండో రకం. మొదటి రకంలో ‘చేయాలి’ అనే క్రియే ఉండాలి. రెండో రకంలో ‘చేస్తే మంచిది’ చాలు. రెండు రకాల్లోనూ ‘చేస్తే మంచిది’ అని రాసేవాళ్లున్నారు, మర్యాద కోసం. అక్కడే గట్టితనం కారిపోతుంది. అన్నిటికంటే చెడ్డది మరొకటి: రచయితకు ‘కొన్ని సవరణలు అవసరం’ అని రాసి, సంపాదకుడికి విడిగా పంపే రహస్య లేఖలో ‘ఇది అచ్చుకు పనికిరాదు, తిరస్కరించండి’ అనడం. దాన్ని సౌమ్యత అనలేం. తీర్పు చెప్పే భారాన్ని సంపాదకుడి నెత్తిన పెట్టి తప్పుకోవడమే అది. రహస్య లేఖలోని తీర్పు, రచయితకు పంపిన మాటల్లో కనబడాలి.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాల్లో బలమైనది సమయం. సమీక్షకు డబ్బులుండవు. ఓపీ చూసుకుని, పాఠాలు చెప్పుకుని, రాత్రి పదింటికి పత్రం తెరిచే వైద్యుడు మూడు వాక్యాల చోట మూడు పేరాలు ఎందుకు రాయాలి? ప్రశ్న న్యాయమైనదే, దానికి తేలిక జవాబు లేదు. నేననేది అన్ని వ్యాఖ్యలనూ ఇలా విస్తరించమని కాదు. తీర్పును నిర్ణయించే రెండు మూడింటిని మాత్రం ఇలా రాస్తే చాలు, మిగతావి ఒక్కో వరుసలో పోవచ్చు. పైగా మూడు వాక్యాలతో సరిపెట్టి ఆదా చేసిన సమయం నిజంగా మిగలదు. ‘నమూనా చిన్నది’ అన్న వ్యాఖ్యకు జవాబుగా ఇంకో మూడొందల మందితో పత్రం వెనక్కి వచ్చినప్పుడు దాన్ని మళ్లీ చదవాల్సింది ఆ సమీక్షకుడే. ఒకవేళ గణాంకాల వివరం తనకు తెలియకపోతే, తెలియదని సంపాదకుడికి చెప్పి గణాంక నిపుణుడికి పంపమనడం ‘విశ్లేషణ బలహీనం’ అని అస్పష్టంగా రాయడం కంటే చాలా మేలు. జెర్వింగ్ లెక్కలోని 41 శాతంలో కొంత భాగమైనా ఇలా తెలియనిచోట తెలిసినట్టు రాయడం వల్ల వచ్చిందేనని నా అనుమానం.

ఇంకో అభ్యంతరం: అజ్ఞాతమే అసలు రోగమనీ, సమీక్షకుల పేర్లు బయటపెడితే అందరూ చక్కగా రాస్తారనీ. దీన్ని ‘బీఎంజే’ పత్రిక 1999లోనే యాదృచ్ఛిక ప్రయోగం చేసి పరీక్షించింది. పేరు రచయితకు తెలుస్తుందని చెప్పినా సమీక్షల నాణ్యతలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. సమీక్ష చేయం అన్నవాళ్లు మాత్రం పెరిగారు. ఉద్దానం లాంటి చిన్న రంగంలో ఇది మరీ చిక్కు. ఈ జబ్బు మీద పనిచేసేవాళ్లు ఆంధ్రలో ఎందరుంటారు? విశాఖలోని యువ పరిశోధకురాలు తన పూర్వపు ప్రొఫెసర్ పత్రంలో లెక్క నిలవదని పేరు పెట్టి రాయగలదా? మన దగ్గర పెద్దరికం ముందు నోరు మెదపకపోవడం మర్యాదలో భాగం. ఆమెకు అజ్ఞాతం కవచం. కానీ ముసుగు ఉంది కదా అని ఇష్టమొచ్చినట్టు రాయడం వేరు. పేరు కింద సంతకం పెట్టాల్సి వచ్చినా ఒక్క అక్షరం మార్చనక్కర్లేని విధంగా రాసి, సంతకం పెట్టకపోవడం వేరు.

అలా రాయని సమీక్షను ఎవరు తిరగరాయాలి? సంపాదకుడా? 2020లో ‘ఈలైఫ్’ పత్రికలో వచ్చిన ఒక సర్వేలో 322 మంది సంపాదకులను అడిగితే, సమీక్షను దిద్దడం తగిన సందర్భం కనీసం ఒకటైనా ఉందని 91 శాతం మంది ఒప్పుకున్నారు. తిట్టును కొట్టేయడం వరకు నాకు అభ్యంతరం లేదు. ఇబ్బంది ఆ తర్వాత వస్తుంది. ‘ఈ ముగింపును సమర్థించలేరు’ అన్నదాన్ని సంపాదకుడు ‘ముగింపును కొంత సవరిస్తే బాగుంటుంది’ అని మారిస్తే అది భాష దిద్దడం కాదు, తీర్పు మార్చడం. పేరు లేని సమీక్షకుడికి తన మాట ఏమైందో తెలిసే దారి కూడా ఉండదు. అందుకే సంపాదకుడు చేయగలిగిన మంచి పని తానే తిరగరాయడం కాదు, వెనక్కి పంపి ‘ఈ వ్యాఖ్య ఏ పట్టిక గురించి? ఏం చూపితే మీకు సరిపోతుంది?’ అని రెండు ప్రశ్నలు అడగడం. మామూలుగా ఆ రెండింటికీ జవాబు రాసే సరికి కోపపు మాటలు వాటంతటవే పడిపోతాయి. పడకపోతే, జవాబే లేకపోతే, ఆ వ్యాఖ్యను పక్కకు పెట్టడానికి సంపాదకుడికి కారణం దొరుకుతుంది.

సహోద్యోగి గొంతు పనికిరాని చోటు కూడా ఒకటుంది, అది చెప్పకపోతే వాదన అతి అవుతుంది. ఊహా పత్రంలో నాలుగు ఊళ్ల క్రియాటినిన్ అంకెలు అక్షరం పొల్లుపోకుండా వేరే జిల్లా పత్రంలోవే అయితే, లేదా ఎనభై మంది వయసులు అసాధ్యమైనంత నీటుగా పంచబడి ఉంటే, ఆ విషయాన్ని రచయితతో స్నేహంగా చర్చించకూడదు. అది నేరుగా, సాక్ష్యంతో సహా, సంపాదకుడికే వెళ్లాలి. రచయితకు పంపే భాగంలో దాని ఊసే ఉండకూడదు. అనుమానం తప్పయితే నిరపరాధిని నిందించినట్టవుతుంది, నిజమైతే మరింత జాగ్రత్తగా కప్పిపుచ్చుకునే వ్యవధి ఇచ్చినట్టవుతుంది. ‘డేటా అనుమానాస్పదంగా ఉంది’ అని రచయిత ముఖానే రాసే సమీక్షకులు రెండు తప్పులూ ఒకేసారి చేస్తారు.

ఊహా పత్రంలో ఇంకొక్క వ్యాఖ్య మిగిలింది. మూడు సమీక్షలు వచ్చినా మూడింటిలోనూ తప్పిపోగలిగేది ఇదే, ఎందుకంటే ఇది విధానం గురించీ కాదు, ఫలితం గురించీ కాదు. క్రియాటినిన్ హెచ్చుగా ఉందని తేలిన 53 మందికి ఆ సంగతి చెప్పారా? ఎవరి దగ్గరికి, ఎప్పుడు పంపారు? నైతిక కమిటీ అనుమతి సంఖ్య పత్రం చివర ఉంటుంది గాని ఆ యాభై ముగ్గురి సంగతి సంఖ్యలో ఉండదు. దీనికి ‘నైతిక అంశాలను స్పష్టం చేయండి’ అన్న అచ్చు వాక్యం ఉంది. దాని జవాబుగా వచ్చేదీ అచ్చు వాక్యమే. దాని చోట ‘శిబిరంలో హెచ్చుగా తేలినవారిలో ఎంతమందికి రిపోర్టు చేతికిచ్చారు, ఎంతమందిని ఏ ఆసుపత్రికి పంపారు, ఎంతమంది వెళ్లారు? మూడు అంకెలు విధానాల భాగంలో రాయండి. ఇది లేకుండా నేను అచ్చుకు సిఫారసు చేయను’ అని రాయాలి. ఇందులో మెత్తబరచాల్సిన మాట ఒక్కటీ లేదు. మూడు నెలల తర్వాత రెండో పరీక్షకు ఆ మనుషులు దొరుకుతారా లేదా అన్నది కూడా ఈ జవాబు మీదే ఆధారపడి ఉంది.